అర మార్కు తక్కువై ఫెయిలైతే పరీక్షల విభాగానికి ఉత్తరం ఎలా రాయాలి

మెమోలో పాస్‌కు 40 కావాల్సిన చోట 39.5 కనిపిస్తే పిల్లలు ముందు చేసే పని తెల్లకాగితం తీసుకోవడం. "అయ్యా, అర మార్కే తక్కువైంది, దయచేసి కలపండి" అని రాస్తారు. అనంతపురంలో ఒక ఇంజినీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతూ, కొన్నేళ్లు కాలేజీ పరీక్షల పని కూడా నేనే చూశాను. ఫలితాలు వచ్చిన ప్రతిసారీ అలాంటి కాగితాలు నా బల్ల మీదికి వచ్చేవి. వాటిలో రాసిన కష్టాలన్నీ నిజమే. కానీ ఆ కాగితం పట్టుకుని ఏ అధికారీ ఏమీ చేయలేడు. ఒకరికి మార్కు కలిపే అధికారం ఆ ఆఫీసులో ఎవరికీ ఉండదు. లెక్కలో గానీ నమోదులో గానీ తప్పు జరిగితే సరిదిద్దే అధికారం మాత్రం ఉంటుంది. కాబట్టి మీ ఉత్తరం ఆ రెండో పనిని అడగాలి.

కోర్టుకు వెళ్లినా ఇదే మాట వినిపిస్తుంది. రణ్ విజయ్ సింగ్ కేసులో 2017 డిసెంబరులో సుప్రీంకోర్టు, జవాబుపత్రం మళ్లీ దిద్దించాలా వద్దా అనే విషయంలో జాలికి, సానుభూతికి చోటు లేదని స్పష్టంగా చెప్పింది. నిబంధన ఏం చెబుతోంది, దాని ప్రకారం జరిగిందా లేదా అన్నదే చూస్తారు.

ధర్మవరం నుంచి రోజూ బస్సులో వచ్చి చదువుకునే ఒక అమ్మాయి సంగతి చెబుతూ మొత్తం పని వివరిస్తాను. రెండో సంవత్సరం మొదటి సెమిస్టర్‌లో అన్ని సబ్జెక్టులూ పాసై, ఒక్క దాంట్లో 39.5 దగ్గర ఆగిపోయింది. ఆమె మొదట రాసుకొచ్చిన ఉత్తరం ఒకటిన్నర పేజీ. నాన్న మగ్గం పని, తమ్ముడి ఫీజు, తనకు పరీక్ష ముందు రోజు వచ్చిన జ్వరం, అన్నీ ఉన్నాయి. హాల్‌టికెట్ నంబర్ మాత్రం లేదు.

మొదటి పని: అర మార్కు ఎక్కడ పోయిందో వెతకండి

పెన్ను పట్టుకునే ముందు మీ రెగ్యులేషన్ పుస్తకం తెరవండి. మీరు చేరిన సంవత్సరానికి వర్తించే రెగ్యులేషన్ ఏదో మెమో మీదే ఉంటుంది, పుస్తకం కాలేజీ వెబ్‌సైట్‌లో దొరుకుతుంది. సీనియర్ దగ్గరున్న పాత పుస్తకం చూడొద్దు, నిబంధనలు మారి ఉండొచ్చు. అందులో మీకు కావాల్సినవి మూడు వాక్యాలే. పాస్ కావడానికి ఎంత రావాలి, ఇంటర్నల్ మార్కులు ఎలా లెక్కగడతారు, భిన్నం వస్తే ఏం చేయాలి.

ఆ అమ్మాయి విషయంలో నిబంధనలు ఇలా ఉన్నాయి. ఇంటర్నల్ 30, ఎక్స్‌టర్నల్ 70. రెండూ కలిపి 100కు 40 రావాలి. ఎక్స్‌టర్నల్‌లో విడిగా 35 శాతం కూడా రావాలి. 70లో 35 శాతం అంటే 24.5. ఈ రెండో గీత చాలామంది చూడరు. మొత్తంలో అర మార్కు సాధించినా ఎక్స్‌టర్నల్‌లో ఈ గీత దాటకపోతే పాస్ కారు, అప్పుడు ఇంటర్నల్ గురించి రాసిన ఉత్తరం వృథా. ఆమెకు ఎక్స్‌టర్నల్ 25.5 వచ్చింది, అంటే ఆ గీత దాటింది. ఇంటర్నల్ 14. మొత్తం 39.5.

ఇక ఇంటర్నల్ లెక్క. ఆమెకు మొదటి మిడ్‌లో 12, రెండో మిడ్‌లో 15. నిబంధన ప్రకారం రెండింట్లో ఎక్కువ వచ్చిన మిడ్‌కు 80 శాతం, తక్కువ వచ్చిన దానికి 20 శాతం బరువు. 15లో 80 శాతం 12. 12లో 20 శాతం 2.4. కలిపితే 14.4. ఆ కింది వాక్యంలోనే, భిన్నం వస్తే తర్వాతి పూర్తి మార్కుకు పెంచాలని ఉంది. అంటే 15 కావాలి. మెమోలో 14 పడింది.

ఆ ఒక్క మార్కు కలిస్తే మొత్తం 40.5. ఆమె పాస్.

తప్పు ఎలా జరిగిందో తర్వాత తెలిసింది. ఇంటర్నల్ మార్కులు వేసుకున్న ఎక్సెల్ షీట్‌లో `ROUNDUP` పెట్టాల్సిన చోట `ROUND` పెట్టారు. `ROUND` అయితే 14.4ను 14 చేస్తుంది, 14.6ను 15 చేస్తుంది. మిడ్ మార్కులు పూర్తి సంఖ్యలైతే 80, 20 లెక్కలో చివర ఎప్పుడూ .2, .4, .6, .8 వస్తాయి, లేదా భిన్నమే ఉండదు. ఇలాంటి షీట్‌లో .6, .8 వచ్చినవాళ్లకు నష్టం లేదు. .2, .4 వచ్చినవాళ్లందరికీ ఒక్కో మార్కు తగ్గిపోతుంది. ఆ తరగతిలో ఇంకొందరికీ అలాగే తగ్గింది, కానీ వాళ్లంతా పాసయ్యారు కాబట్టి ఎవరూ చూసుకోలేదు. మీ రెగ్యులేషన్‌లో పైకి పెంచాలనే ఉంటే, మీ లెక్క .2 లేదా .4తో ముగిస్తే, మెమోలో చిన్న సంఖ్య ఉంటే, మీకూ ఇదే జరిగి ఉండవచ్చు. అందరి రెగ్యులేషన్‌లోనూ ఒకే మాట ఉండదు. కొన్నిచోట్ల అర లేదా అంతకంటే ఎక్కువైతేనే పెంచాలని ఉంటుంది. అలాంటి చోట 14.4కు 14 వేయడమే సరైనది.

ఇంటర్నల్‌లో తేడా లేకపోతే జవాబుపత్రం వైపు వెళ్లాలి. నోటిఫికేషన్‌లో ఫోటోకాపీ ఇచ్చే వీలుంటే ఫీజు కట్టి తెప్పించుకోండి. వచ్చాక ప్రశ్నల జవాబులు చదువుతూ కూర్చోకుండా మొదట అంకెలే చూడండి. లోపలి పేజీల్లో ప్రతి జవాబు పక్కన వేసిన మార్కు, మొదటి పేజీ పట్టికలో అదే ప్రశ్న గడిలోకి వచ్చిందా? రెండు మార్కుల ప్రశ్నలకు వేసిన అరలు, ఒకటిన్నరలు కూడికలో జారిపోతుంటాయి. లోపల 1½ అని వేసింది పట్టికలో 1గా పడటం నేను కళ్లారా చూశాను. తర్వాత, మార్కూ సున్నా రెండూ లేకుండా వదిలేసిన జవాబు ఏదైనా ఉందా? అడిషనల్ షీట్‌లో రాసింది దిద్దారా? 'ఇది లేదా అది' ప్రశ్నలో మీరు రెండూ రాసి ఉంటే, ఎక్కువ వచ్చిన దాన్ని తీసుకోవాలని మీ నిబంధనలో ఉందా, ఉంటే అలాగే తీసుకున్నారా?

ఇవన్నీ చూసినా తేడా దొరకకపోతే ఉత్తరం రాయకండి. "ఈ జవాబుకు మూడు కాదు, నాలుగు రావాలి" అనేది దిద్దడంలో అభిప్రాయభేదం. దానికి దారి రీవాల్యుయేషన్ దరఖాస్తు ఒక్కటే. నిబంధనల్లో లేని రీవాల్యుయేషన్‌ను హక్కుగా అడగలేమని సుప్రీంకోర్టు 1984లోనే పరితోష్ కేసులో చెప్పింది.

రెండో పని: గడువులు ముందు కాపాడుకోండి

ఉత్తరం ఇచ్చాం కదా అని రీకౌంటింగ్, రీవాల్యుయేషన్ గడువు ఆగదు. జవాబుపత్రంలో తేడా ఉందని మీకు అనుమానమైతే ఆ ఫీజు గడువులోపల కట్టేయండి. రీవాల్యుయేషన్‌లో మార్కులు తగ్గితే ఏది తీసుకుంటారో నోటిఫికేషన్‌లో చదివాకే కట్టండి. ఆ అమ్మాయికి ఎక్స్‌టర్నల్ గురించి గొడవే లేదు కాబట్టి రీవాల్యుయేషన్ వద్దన్నాను. అక్కడ 24.5 గీతకు ఒక్క మార్కు దూరంలోనే ఉంది, అది కదిలించడం మంచిది కాదనిపించింది.

సప్లిమెంటరీ ఫీజు మాత్రం కట్టించాను. ఇది పిల్లలకు నచ్చదు. "సార్, ఫీజు కడితే ఫెయిలని ఒప్పుకున్నట్టు కాదా?" అని ఆమె అడిగింది. కాదమ్మా అని చెప్పాను. దిద్దుబాటు సప్లీ తేదీకి ముందే వస్తుందని ఎవరూ హామీ ఇవ్వరు. రాకపోతే ఆరునెలలు పోతాయి.

మూడో పని: కాగితాలు జతచేయండి

మార్కుల మెమో కాపీ. హాల్‌టికెట్ కాపీ. రెగ్యులేషన్ పుస్తకంలో మీకు కావాల్సిన పేజీ ఒక్కటే, ఆ వాక్యం కింద పెన్సిల్‌తో గీత గీసి. పుస్తకం మొత్తం జిరాక్స్ తీసి పెడితే ఎవరూ తిరగేయరు. అన్నింటికంటే ముఖ్యమైనది రెండు మిడ్‌ల మార్కులకు రుజువు. దిద్దిన మిడ్ పేపర్లు మీకు ఇచ్చి ఉంటే వాటి కాపీలు, లేదంటే డిపార్ట్‌మెంట్‌లో ఉన్న మార్కుల జాబితాలో మీ పేజీ. దాని మీద హెచ్‌ఓడీ సంతకం, ముద్ర తప్పనిసరి.

ఇక్కడ ఒక మాట వినాల్సి వస్తుంది. "మార్కుల లిస్టులో సంతకం పెట్టావు కదమ్మా, ఇప్పుడేంటి?" ఆ అమ్మాయినీ అడిగారు. ఆమె సంతకం పెట్టింది నిజమే. కానీ ఆ జాబితాలో ఉన్నవి 12, 15 మాత్రమే. రెండూ కలిపి కట్టిన 14 ఆమెకు ఎవరూ చూపించలేదు. మీరు దేని మీద సంతకం పెట్టారో ముందే చూసుకుని వెళ్లండి. కలిపిన మార్కు మీదే సంతకం ఉన్నా లెక్క తప్పు తప్పే, కాకపోతే ఆ సంగతి ఉత్తరంలో మీరే ముందు చెప్పడం మంచిది.

నాలుగో పని: ఉత్తరం

ఒక పేజీ దాటకూడదు. పరీక్షల నియంత్రణాధికారి పేరిట, ప్రిన్సిపాల్ ద్వారా వెళ్లాలి. ఇంటర్నల్ మార్కులు పంపింది కాలేజీ. దిద్దుబాటు కూడా కాలేజీ నుంచే వస్తే తప్ప పై ఆఫీసు మార్కు మార్చదు. మీరు నేరుగా వెళ్లి ఇస్తే ఆ కాగితాన్ని 'కాలేజీ ద్వారా రావాలి' అని తిప్పి పంపుతారు. అంతలో రెండు వారాలు గడిచిపోతాయి.

తెలుగులో రాయవచ్చు. సబ్జెక్ట్ పేరు, కోడ్ మాత్రం మెమోలో ఎలా ఉంటే అలాగే అక్షరం మార్చకుండా రాయండి. ఫైలు వెతికేవాళ్లు ఆ కోడ్‌తోనే వెతుకుతారు. మేమిద్దరం కూర్చుని రెండోసారి రాసిన ఉత్తరం ఇదీ. ఖాళీల్లో మీ వివరాలు నింపుకోండి.

అనంతపురం,
తేది: ........

పరీక్షల నియంత్రణాధికారి గారికి,
ప్రిన్సిపాల్ గారి ద్వారా.

విషయం: రెండో సంవత్సరం మొదటి సెమిస్టర్, ........ సబ్జెక్ట్ (కోడ్ ........) ఇంటర్నల్ మార్కుల లెక్కలో తేడా సరిచేయమని వినతి.

సూచిక: 1. తేది ........ నాడు ప్రకటించిన ఫలితాలు. 2. ........ రెగ్యులేషన్, నిబంధన సంఖ్య ........

అయ్యా,

నేను ........ బ్రాంచి విద్యార్థినిని. నా హాల్‌టికెట్ నంబర్ ......... పై సబ్జెక్ట్‌లో నాకు ఇంటర్నల్ 14, ఎక్స్‌టర్నల్ 25.5, మొత్తం 39.5 వచ్చినట్టు, ఫెయిల్ అయినట్టు మెమోలో ఉంది.

నాకు మొదటి మిడ్‌లో 12, రెండో మిడ్‌లో 15 మార్కులు వచ్చాయి. సూచిక 2లోని నిబంధన ప్రకారం 15లో 80 శాతం 12, 12లో 20 శాతం 2.4, మొత్తం 14.4. భిన్నాన్ని తర్వాతి పూర్తి మార్కుకు పెంచాలని అదే నిబంధనలో ఉన్నందున నా ఇంటర్నల్ మార్కు 15 కావాలి. మెమోలో 14గా నమోదైంది.

దీన్ని 15గా సరిచేస్తే మొత్తం 40.5 అవుతుంది. ఎక్స్‌టర్నల్‌లో కావాల్సిన 35 శాతం నాకు వచ్చింది.

కావున నా ఇంటర్నల్ మార్కును పరిశీలించి, నిబంధన ప్రకారం సరిచేసి, సవరించిన ఫలితం, మెమో ఇప్పించవలసిందిగా కోరుతున్నాను. సప్లిమెంటరీ పరీక్ష ........ తేదీన మొదలవుతున్నందున అంతకు ముందే నిర్ణయం తెలియజేయగలరని ప్రార్థన.

ఇట్లు,
(సంతకం, పేరు, ఫోన్ నంబర్)

జతచేసినవి: మెమో కాపీ, హాల్‌టికెట్ కాపీ, హెచ్‌ఓడీ ధ్రువీకరించిన మిడ్ మార్కుల పేజీ, రెగ్యులేషన్ పేజీ.

ఇందులో 'అన్యాయం' అన్న మాట లేదు, ఫలానా మేడం తప్పు చేశారన్న మాట లేదు. మీ కోపం సరైనదే అయినా ఇక్కడ రాయకండి. ఈ కాగితం మీద మొదట సంతకం పెట్టాల్సింది ఆ షీట్ తయారుచేసిన డిపార్ట్‌మెంటే. 'లెక్కలో తేడా' అంటే వాళ్లు సరిచేసి పంపుతారు, 'మీ తప్పు' అంటే సమాధానం రాసుకుంటూ కూర్చుంటారు. మగ్గం సంగతి, జ్వరం సంగతి తీసేస్తుంటే ఆమె కాస్త బాధపడింది. అవి చిన్న సంగతులని కాదు. అవి ఉంటే చదివేవాళ్లు దీన్ని జాలి కోరే కాగితాల కట్టలో వేస్తారు, 14.4 దాకా రారు.

జవాబుపత్రం కూడికలో తేడా ఉన్నవాళ్లు ఈ ఉత్తరంలో రెండో పేరా, ఇంటర్నల్ మార్కును సరిచేయమని అడిగిన చోట్లు మార్చుకుంటే చాలు. "ఫోటోకాపీ 7వ పేజీలో 1(డి) ప్రశ్నకు 1½ వేశారు, మొదటి పేజీ పట్టికలో 1 అని ఉంది" అని పేజీ, ప్రశ్న, అంకె చెప్పండి. "నా పేపర్ సరిగా దిద్దలేదు" అని రాస్తే రీవాల్యుయేషన్‌కు కట్టుకోమంటారు. వాళ్ల వైపు నుంచి అది సరైన జవాబే.

ఐదో పని: ఇవ్వడం, వెంటపడటం

రెండు కాపీలు తీసుకెళ్లండి. ఒకటి టపాలు తీసుకునే కిటికీ దగ్గర ఇచ్చి, రెండోదాని మీద ఇన్‌వర్డ్ నంబర్, తేదీ, ముద్ర వేయించుకోండి. "ఇచ్చి పోమ్మా, చూస్తాం" అంటారు. "ముద్ర వేసివ్వండి సార్" అని నెమ్మదిగా మళ్లీ అడగండి. ఆ నంబర్ లేకపోతే మీ ఉత్తరం వాళ్ల లెక్కలో లేనట్టే. ముద్ర వేసేది లేదని తెగేసి చెబితే స్పీడ్ పోస్ట్‌లో పంపి రసీదు దాచుకోండి.

తర్వాత ప్రిన్సిపాల్ ఆఫీసులో అడగాల్సిన ప్రశ్న ఒకటే. "నా ఉత్తరం ఏ నంబర్‌తో, ఏ తేదీన పైకి పంపారు?" ఆ అమ్మాయి ఉత్తరం తొమ్మిది రోజులు కాలేజీలోనే ఉండిపోయింది. హెచ్‌ఓడీ దగ్గర దిద్దుబాటు పత్రం తయారు కాలేదు కాబట్టి గుమాస్తా దాన్ని ఫైలులో పెట్టేశాడు. అడిగితేనే తెలిసింది. కాలేజీ పంపేటప్పుడు మీ ఉత్తరం మీద 'పంపడమైనది' అని సంతకం పెడితే సరిపోదు, సరిచేసిన ఇంటర్నల్ మార్కును ధ్రువీకరిస్తూ కాలేజీ విడిగా పత్రం జతచేయాలి. అసలు పని చేసేది ఆ పత్రమే.

పైకి వెళ్లాక రెండు వారాల్లో కదలిక లేకపోతే గుర్తుచేస్తూ నాలుగు వాక్యాల ఉత్తరం రాయండి. పాత ఇన్‌వర్డ్ నంబర్, తేదీ రాసి, మొదటి ఉత్తరం కాపీ జతచేస్తే చాలు. కథంతా మళ్లీ చెప్పొద్దు.

దానికీ జవాబు లేకపోతేనో, ఫోటోకాపీ ఇచ్చే పద్ధతే లేదంటేనో, సమాచార హక్కు చట్టం ఉంది. మనం రాసిన, దిద్దిన జవాబుపత్రాన్ని చూసే హక్కు, కాపీ తీసుకునే హక్కు ఈ చట్టం కింద పరీక్ష రాసినవాళ్లకు ఉందని 2011 ఆగస్టులో సీబీఎస్‌ఈ, ఆదిత్య బందోపాధ్యాయ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. దరఖాస్తు ఆ విశ్వవిద్యాలయం పౌర సమాచార అధికారికి పెట్టాలి, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఇవ్వకపోతే అక్కడే మొదటి అప్పీలు అధికారికి 30 రోజుల్లోపు అప్పీలు చేయవచ్చు. అందులో "మార్కు ఎందుకు తగ్గించారు" అని అడగకండి, ఈ చట్టం కింద ఉన్న కాగితాలే ఇస్తారు, సంజాయిషీ ఇవ్వరు. "నా జవాబుపత్రం కాపీ, నా ఇంటర్నల్ మార్కుల నమోదు పేజీ కాపీ, నా ఫలానా ఇన్‌వర్డ్ నంబర్ ఉత్తరం మీద తీసుకున్న చర్య కాగితాల కాపీ" అని అడగండి. జవాబుపత్రాలను కొంతకాలమే దాచి తర్వాత తీసేస్తారు, ఈ హక్కు కూడా అవి దాచి ఉంచినంత కాలమే. అందుకని ఫలితాలు వచ్చిన నెలలోనే పెట్టేయండి.

ఆ అమ్మాయికి దిద్దుబాటు సప్లీ పరీక్షకు నాలుగు రోజుల ముందు వచ్చింది. కట్టిన సప్లీ ఫీజు తిరిగి రాలేదు. కొత్త మెమో తీసుకునేటప్పుడు పాతది వెనక్కి ఇమ్మంటారు. ఇచ్చే ముందు కాపీ తీసుకుని, కొత్తదాంట్లో ఇంటర్నల్, మొత్తం, క్రెడిట్లు మూడూ మారాయో లేదో ఆ కిటికీ దగ్గరే నిలబడి చూసుకోండి. ఆమె మెమోలో ఇంటర్నల్ 15, మొత్తం 40.5 అని మారాయి, ఆ సబ్జెక్ట్ ఎదురుగా క్రెడిట్ల గడిలో మాత్రం ఇంకా సున్నా ఉంది. అక్కడికక్కడే చూపిస్తే సాయంత్రానికి సరిచేసి ఇచ్చారు.